చీర మారలేదు.. ఫొటోలో రంగు మారింది!

రెండు రోజుల చిత్రాలకు ఒకే ఛాయ తెచ్చే కలర్ చెకర్ పట్టిక
అద్దకం లోపమా, వెలుతురు లోపమా తేల్చేదీ అదే

చీరాల: మిరపపండు ఎరుపు చీరను ఫోన్‌లో చూసి ముచ్చటపడిన కొనుగోలుదారు మరో నాలుగు చీరలు అదే రంగులో కావాలని కబురు పెడతారు. మాస్టర్ వీవర్ నూలు చిలపలను మళ్లీ అద్దకానికి పంపి, మగ్గం మీద నేయించి, కొత్త చీరల ఫొటోలు పంపుతారు. అవతలి నుంచి వచ్చే సమాధానం ఒకటే: 'ఇది ఆ ఎరుపు కాదు, ఇటుక రంగులా ఉంది'. అక్కడి నుంచి తగవు మొదలవుతుంది. రంగు తొట్టిలో పాళ్లు తప్పాయని అద్దకందారును నిలదీస్తారు. ఆయన తప్పు లేదంటారు. నిజానికి పాత చీరనూ, కొత్త చీరనూ పక్కపక్కన పెట్టి ఎండలో చూస్తే రెండూ ఒకటిగానే ఉండవచ్చు. తేడా చీరలో కాకుండా వాటిని ఫొటో తీసిన రెండు రోజుల వెలుతురులో ఉండవచ్చు.

చీరాల, వేటపాలెం, ఈపూరుపాలెం ప్రాంతాల్లోని చేనేత వ్యాపారులు సహా వస్త్రాలను ఫొటోల ద్వారా అమ్ముకునే ప్రతి ఒక్కరికీ ఈ చిక్కు ఎదురవుతుంది. వెనక్కి వచ్చిన చీర రవాణా ఖర్చు ఒక నష్టం. చేయని తప్పుకు కూలీ కోత పడటం అంతకన్నా పెద్ద నష్టం. ఈ తగవును తీర్చడానికి స్టూడియోల్లో దశాబ్దాలుగా వాడుతున్న సాధనం ఒకటుంది. అదే కలర్ చెకర్ అనే రంగుల పట్టిక.

కెమెరా మాట ఎందుకు మారుస్తుంది?

మధ్యాహ్నపు ఎండలో తెల్లగా కనిపించే వస్త్రం సాయంత్రం పాత తరహా బల్బు కింద కూడా మనిషి కంటికి తెల్లగానే తోస్తుంది. మెదడు వెలుతురు రంగును తీసివేసి చూస్తుంది కాబట్టి ఆ తేడా తెలియదు. కెమెరాకు ఆ సౌకర్యం లేదు. దానిపై పడిన కాంతినే అది నమోదు చేస్తుంది. వెలుతురు రంగును కెల్విన్ అనే కొలమానంలో చెబుతారు. పాత బల్బు సుమారు 2,800 కెల్విన్, మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500, మబ్బు పట్టిన ఆకాశం 6,500 ఆపైన ఉంటాయి. అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు మొగ్గుతుంది. ఒకే కిటికీ దగ్గర ఉదయం పదింటికి తీసిన చీరకూ, మబ్బు కమ్మిన తరువాత తీసిన చీరకూ ఛాయ మారడానికి కారణం ఇదే.

దీన్ని సరిచేయడానికే కెమెరాల్లో ఆటో వైట్ బ్యాలెన్స్ అనే ఏర్పాటు ఉంది. అయితే వస్త్రాల విషయంలో అదే కొంప ముంచుతుంది. చట్రం నిండా ఎర్ర చీర ఉన్నప్పుడు, ఆ ఎరుపు వెలుతురులోనిదేమోనని కెమెరా భ్రమపడుతుంది. ఎరుపును తగ్గించి నీలి, ఆకుపచ్చ ఛాయలను కలుపుతుంది. పక్కన పసుపు చీర పెట్టగానే లెక్క మళ్లీ మారిపోతుంది. ఒకే వెలుతురులో వరుసగా తీసిన పది చీరలకు పది రకాల సవరణలు జరుగుతాయి. వెలుగును కొలిచే ఆటో ఎక్స్‌పోజర్ కూడా ఇలాగే పొరపాటు పడుతుంది. నల్ల చీరను బూడిద రంగులోకి పెంచుతుంది, తెల్ల చీరను మసకగా దించుతుంది.

పట్టికలో ఏముంటుంది?

మెక్‌బెత్ కలర్ చెకర్ పేరుతో ఈ పట్టిక 1976లో వెలుగులోకి వచ్చింది. మెకామీ, మార్కస్, డేవిడ్‌సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాని గురించి ఆ ఏడాది వ్యాసం ప్రచురించారు. ఆ తరువాత తయారీ సంస్థల పేర్లు మారాయి. గ్రెటాగ్ మెక్‌బెత్, ఎక్స్‌రైట్‌ల తరువాత ప్రస్తుతం ఫొటోగ్రఫీ పట్టికలు కాలిబ్రైట్ పేరుతో వస్తున్నాయి. రూపం మాత్రం అదే. నల్లని చట్రంలో నాలుగు వరుసలు, వరుసకు ఆరు చొప్పున 24 రంగు గడులు ఉంటాయి.

పై రెండు వరుసల్లో నిత్యం కనిపించే రంగులు ఉన్నాయి. ముదురు చర్మఛాయ, లేత చర్మఛాయ, ఆకాశ నీలం, ఆకు రంగు, నారింజ వంటివి అందులో కొన్ని. మూడో వరుసలో నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, మెజెంటా, సయాన్ అనే మూల వర్ణాలు ఉంటాయి. చివరి వరుస తెలుపుతో మొదలై నాలుగు బూడిద మెట్లు దిగి నలుపుతో ముగుస్తుంది. ఈ గడులపై పూసిన రంగులకు మెరుపు ఉండదు. ప్రతి గడికీ ఉండవలసిన అంకె ముందే కొలిచి నిర్ణయించి ఉంటుంది. ఉదాహరణకు ఎర్ర గడికి, సాధారణ కంప్యూటర్ తెరల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీలో ఎరుపు 175, ఆకుపచ్చ 54, నీలం 60. తెల్ల గడికి మూడు అంకెలూ దాదాపు 243. దాని పక్కనున్న మొదటి బూడిద గడికి మూడూ 200.

పట్టిక ప్రయోజనమంతా ఇక్కడే ఉంది. చీర రంగు ఎంత ఉండాలో ఎవరికీ తెలియదు. పట్టిక రంగు ఎంత ఉండాలో అందరికీ తెలుసు. రెండింటిపైనా ఒకే వెలుతురు పడినప్పుడు, పట్టికను ఉండవలసిన అంకెకు తెచ్చే సవరణే చీరనూ దాని అసలు రంగు దగ్గరకు తెస్తుంది.

బూడిద కార్డు ఒక్కటి చాలదా?

కొన్ని వందల రూపాయలకు దొరికే బూడిద కార్డుతోనూ వైట్ బ్యాలెన్స్ సరిచేయవచ్చు. పట్టికకు వేల రూపాయలు పెట్టడం ఎందుకన్న సందేహం సహజం. వెలుతురు ఎండ మాత్రమే అయితే బూడిద కార్డుతో చాలావరకు పని జరుగుతుంది. చిక్కు ఎల్‌ఈడీ ట్యూబులతో వస్తుంది. ఎండలో అన్ని రంగుల కాంతులూ ఇంచుమించు నిండుగా ఉంటాయి. చౌక ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు కాంతి బాగా తక్కువగా ఉంటుంది. బూడిద గడి అన్ని కాంతులనూ సమానంగా వెనక్కి పంపుతుంది కాబట్టి దాన్ని సరిచేయగానే తెలుపు తెల్లగా, బూడిద బూడిదగా కనిపిస్తుంది. ఎర్ర చీర మాత్రం ముదురు ఎరుపు కాంతినే నమ్ముకుని ఉంటుంది. వెలుతురులో అది లేకపోతే చీర పాలిపోయి ఇటుక రంగుకు దిగుతుంది. బూడిద కార్డు ఈ లోపాన్ని చూపలేదు. పట్టికలోని ఎర్ర గడి చూపుతుంది.

అందుకే దీపాలు కొనేటప్పుడు వాట్లను మాత్రమే కాకుండా, రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సీఆర్ఐ అంకెను కూడా చూడాలి. అది 95 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న దీపాలు వస్త్రాలకు అనువైనవి. పెట్టె మీద ముదురు ఎరుపుకు విడిగా ఆర్9 అనే అంకె ఇచ్చి ఉంటే దాన్ని కూడా గమనించాలి. చౌక దీపాలు ఎక్కువగా తడబడేది అక్కడే.

ఫొటో తీసే వరుస

పని మొదట గదితో ప్రారంభం కావాలి. కిటికీ వెలుతురు, ట్యూబు వెలుతురు కలిసి చీరపై పడితే ఒక అంచు నీలంగా, మరో అంచు పసుపుగా వస్తుంది. ఏ పట్టికా దీన్ని సరిచేయలేదు. కిటికీతో తీసేవారు దీపాలు ఆర్పాలి, దీపాలతో తీసేవారు కిటికీ మూయాలి. ఆకుపచ్చ గోడ, పక్కన ఆరేసిన మరో చీర, చివరకు ఫొటోగ్రాఫర్ తొడుక్కున్న ఎర్ర చొక్కా కూడా వస్త్రంపై తమ రంగును చిమ్ముతాయి. తెలుపు లేదా బూడిద రంగు నేపథ్యం మంచిది. దీపాలు వేసిన వెంటనే కాకుండా పది, పదిహేను నిమిషాలు వెలగనిచ్చి మొదలుపెట్టడం మేలు.

తరువాత కెమెరా. మెనూలో RAW అని కనిపించే రూపంలో ఫొటోలు భద్రపరచాలి. జేపెగ్ రూపంలో కెమెరా తన సవరణలను ముందే చేసి ముద్ర వేస్తుంది. రాలో సెన్సర్ నమోదు చేసినది చాలావరకు అలాగే ఉంటుంది. ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో పెట్టి ఐఎస్‌ఓ, అపెర్చర్, షట్టర్ వేగం మూడింటినీ స్థిరంగా ఉంచాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఏదో ఒక స్థిరమైన అమరికలో పెట్టాలి. అది సరిగ్గా ఉండనవసరం లేదు. మొదటి చీర నుంచి చివరి చీర వరకు మారకుండా ఉంటే చాలు.

ఇప్పుడు పట్టిక వంతు. చీర ఎక్కడ వేలాడుతుందో అక్కడే, అదే తలంలో, అదే కోణంలో పట్టికను నిలపాలి. చీర ముందు అడుగు దూరంలో చేత్తో పట్టుకుంటే దానిపై పడే వెలుతురు వేరు, చీరపై పడేది వేరు. దీపం మెరుపు పట్టిక మీద పడి గడులు తెల్లబారకుండా చూసుకోవాలి. ఫొటో తీశాక కెమెరా తెరపై పెద్దది చేసి చూస్తే, నల్ల గడి నల్లగానే ఉందా, దానిపై తెల్లటి పొర కమ్మిందా తెలిసిపోతుంది. పొర కమ్మితే పట్టికను కొద్దిగా వంచి మళ్లీ తీయాలి. తెల్ల గడి పూర్తిగా వెలిసిపోయినా మళ్లీ తీయాల్సిందే. మూడు అంకెల్లో ఏ ఒక్కటి 255కు తాకినా ఆ గడిలో సమాచారం పోయినట్లే.

పట్టికతో ఒక్క ఫొటో తీస్తే ఆ పూటకు సరిపోతుంది. తరువాత దాన్ని తొలగించి చీరలను వరుసగా తీసుకోవచ్చు. దీపం జరిపినా, లెన్స్ మార్చినా, కిటికీ బయట మబ్బు పట్టినా పట్టికను మళ్లీ పెట్టాలి. కిటికీ వెలుతురుతో తీసేవారు ప్రతి అరగంటకు ఒకసారి తీయడం క్షేమం.

కంప్యూటర్‌లో మూడు మెట్లు

మొదటి మెట్టు వైట్ బ్యాలెన్స్. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పట్టిక ఉన్న ఫొటోను తెరిచి, కంటిచుక్క పరికరంతో తెలుపు పక్కనున్న మొదటి బూడిద గడిపై నొక్కాలి. చాలామంది తెల్ల గడిపైనే నొక్కుతారు. అది వెలిసిపోయే అంచున ఉంటుంది కాబట్టి లెక్క తప్పే ప్రమాదం ఉంది. ముదురు బూడిద గడుల్లో చుక్కల కల్తీ ఎక్కువ. మొదటి బూడిద గడి ఈ రెండు ఇబ్బందులకూ దూరం. నొక్కిన తరువాత మిగతా బూడిద గడుల్లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ ఒకటికొకటి దగ్గరగా ఉండాలి. పై గడిలో సమంగా ఉండి కింది గడుల్లో రంగు మొగ్గు కనిపిస్తే, పట్టిక మీద రెండు రకాల వెలుతురు లేదా మెరుపు పడిందని అర్థం.

రెండో మెట్టు వెలుగు. అదే గడి ప్రతి రోజూ ఒకే అంకె చూపేలా ఎక్స్‌పోజర్ సరిచేయాలి. వైట్ బ్యాలెన్స్ ఒకటైనా వెలుగు వేరైతే ఒకే చీర ఒక రోజు ముదురుగా, మరో రోజు లేతగా కనిపిస్తుంది.

మూడో మెట్టు ప్రొఫైల్. పట్టిక ఫొటోను డీఎన్‌జీ రూపంలో తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌కు అందిస్తే అది 24 గడులను గుర్తిస్తుంది. కెమెరా చూసిన రంగుకూ, ఉండవలసిన రంగుకూ మధ్య తేడాను లెక్కించి, ఆ కెమెరాకు, ఆ వెలుతురుకు సరిపడే ప్రొఫైల్‌ను తయారుచేస్తుంది. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ పట్టికను చదివి సవరించే సదుపాయం ఉంది. ఈ మూడు సవరణలను ఆ పూట తీసిన ఫొటోలన్నింటికీ ఒకేసారి వర్తింపజేయాలి. ఒక్కో చీరను విడిగా కంటితో చూసి దిద్దడం మొదలుపెడితే పడిన శ్రమంతా వృథా.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఫొటో ఇంపుగా కనిపించడానికి వెలుగునీడల తేడాను కొంత పెంచుతాయి. అందువల్ల గడుల అంకెలు పుస్తకంలోని అంకెలతో అచ్చంగా కలవకపోవచ్చు. దానికి కంగారు పడనవసరం లేదు. సోమవారం పట్టికా, శుక్రవారం పట్టికా ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అన్నదే అసలు పరీక్ష.

అంకెల్లో తేలిన తగవు

మొదట చెప్పిన మిరపపండు ఎరుపు చీరనే ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఇక్కడి అంకెలు తీరు అర్థమయ్యేందుకు వేసుకున్నవి. తొలి చీరను మబ్బు పట్టిన రోజు కిటికీ పక్కన తీశారు. మూడు వారాల తరువాత వచ్చిన రెండో లాట్ చీరను సాయంత్రం ఎల్‌ఈడీ ట్యూబుల కింద తీశారు. రెండు రోజులూ పట్టిక పెట్టారు.

సవరించకముందు తొలి చీర ఎరుపు 168, ఆకుపచ్చ 38, నీలం 44గా ఉంది. రెండో చీర 178, 50, 40గా ఉంది. ఆకుపచ్చ పెరిగి నీలం తగ్గితే ఎరుపు నారింజ వైపు జరుగుతుంది. కొనుగోలుదారు ఇటుక రంగు అన్నది అందుకే. అద్దకందారు తప్పేనని తేల్చడానికి ఇంతవరకు చూస్తే చాలనిపిస్తుంది. అయితే అదే ఫొటోల్లోని బూడిద గడిని చూడాలి. తొలి రోజు అది 197, 200, 205. రెండో రోజు 212, 199, 176. పట్టిక రంగు మారదు కాబట్టి రెండో రోజు వెలుతురే పసుపుగా ఉందని స్పష్టమైంది.

బూడిద గడిని రెండు ఫొటోల్లోనూ 200, 200, 200కు తెచ్చారు. తొలి చీర 171, 38, 43 అయింది. రెండోది 168, 50, 45 అయింది. నీలంలో తేడా పోయింది కానీ ఆకుపచ్చలో 12 అంకెల తేడా మిగిలింది. ఇది అద్దకం తేడాయేనా? ఇక్కడే ఎర్ర గడి సాక్ష్యం చెబుతుంది. తొలి రోజు ఎర్ర గడి 176, 54, 60. రెండో రోజు 172, 66, 62. పట్టికలోని ఎరుపు కూడా దాదాపు చీర జరిగినంతే, అదే దిక్కుకు జరిగింది. కాబట్టి మిగిలిన తేడా కూడా ట్యూబు వెలుతురులో ముదురు ఎరుపు కొరవడినందువల్ల వచ్చినదే.

రెండు రోజులకూ ప్రొఫైల్ తయారుచేసి వర్తింపజేశాక ఎర్ర గడి రెండింటిలోనూ 175, 54, 60 దగ్గరకు వచ్చింది. చీరలు 170, 38, 43గానూ, 171, 41, 44గానూ నిలిచాయి. ఒకటి నుంచి మూడు అంకెల ఈ తేడాను ఫోన్ తెరపై ఎవరూ పట్టలేరు. అద్దకందారు చెప్పింది నిజమేనని తేలింది.

దీనికి వ్యతిరేకంగానూ జరగవచ్చు. ప్రొఫైల్ తరువాత రెండు రోజుల ఎర్ర గడులు కలిసి, చీరలు మాత్రం 170, 38, 43గానూ, 182, 52, 38గానూ విడిపోయి ఉంటే, తేడా నిజంగా నూలులోనే ఉందని గ్రహించాలి. రంగు పాళ్లు, తొట్టి వేడి, నూలు నానిన సమయం ఇవన్నీ లాట్‌కూ లాట్‌కూ ఛాయను మారుస్తాయి. అప్పుడు ఫొటోను దిద్ది పాత రంగులా చూపడం కొనుగోలుదారును మోసగించడమే. లాట్ తేడా ఉందని ముందే చెప్పి, కొత్త చీరను కొత్త ఛాయగానే చూపాలి.

సాక్షి గుడ్డ

పట్టిక ఉన్నా పని సరిగ్గా జరిగిందో లేదో రూఢి చేసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. ఎక్కువగా అమ్ముడయ్యే రంగుల్లో జానెడు ముక్కలు నాలుగైదు తీసి, వెలుతురు తగలని కవరులో దాచాలి. ప్రతి పూటా పట్టికతో పాటు వీటినీ ఒక ఫొటో తీయాలి. సవరణలన్నీ అయ్యాక నేటి ముక్కనూ, గత నెల ముక్కనూ తెరపై పక్కపక్కన పెట్టి చూడాలి. అవి కలిస్తే ఆ పూట ఫొటోలు నమ్మదగినవి. పట్టిక గడులు కలిసి ముక్కలు కలవకపోతే, ఆ రంగుతో కెమెరాకు ప్రత్యేకమైన పేచీ ఉందని తెలుస్తుంది.

పట్టికకూ లొంగనివి

అలాంటి పేచీ కొన్ని రంగులతో ఉంటుంది. కంటికీ కెమెరాకూ కాంతిని గ్రహించే తీరు ఒకటి కాదు. కొన్ని అద్దకాలు ముదురు ఎరుపు చివరన, కన్ను దాదాపు గుర్తించలేని చోట, కాంతిని బలంగా వెనక్కి పంపుతాయి. కెమెరా దాన్ని కొంత పట్టుకుంటుంది. అందువల్ల కొన్ని నల్లని వస్త్రాలు ఫొటోలో గోధుమ లేదా ఊదా ఛాయలో వస్తాయి. కొన్ని వంగపండు రంగులు నీలంగానో ఎర్రగానో మారతాయి. పట్టికలోని రంగులు ఆ అద్దకాలు కావు కాబట్టి ప్రొఫైల్ ఇక్కడ పూర్తిగా సాయపడదు. అసలు చీరను ఎండలో పక్కన పెట్టుకుని ఆ ఒక్క రంగును చేత్తో సరిచేసి, ఆ అంకెలను రాసిపెట్టుకుని ప్రతిసారీ అవే వాడటం ఒక్కటే మార్గం.

పడుగు ఒక రంగు, పేక మరో రంగు ఉన్న పట్టు చీరలది వేరే కథ. చూసే కోణాన్ని బట్టి ఒకసారి ఆకుపచ్చగా, మరోసారి నీలంగా మెరిసే నెమలికంఠం చీరకు ఒకే రంగు అనేది లేదు. వీటికి పట్టికతో పాటు దీపం, కెమెరా, చీర మడత ఏ కోణంలో ఉన్నాయో నేలపై గుర్తులు పెట్టుకుని ప్రతిసారీ అలాగే నిలపాలి. జరీ కూడా ఇంతే. అది అద్దంలా గదిలోని దీపాలనే చూపుతుంది. దీపం ముందు తెల్లని పల్చటి గుడ్డ కట్టి వెలుతురును పరిస్తే మెరుపు మచ్చలు తగ్గుతాయి.

ముదురు రాణి రంగు, మిరుమిట్లు గొలిపే నీలం వంటివి సాధారణ తెరలు చూపగల హద్దు దాటి ఉంటాయి. ఫొటో ఎంత సరిగ్గా ఉన్నా తెరపై అవి కొంత చప్పబడతాయి. ఫొటోలను ఎస్‌ఆర్‌జీబీలోనే భద్రపరిచి పంపాలి. వేరే ప్రమాణంలో పంపితే కొన్ని తెరలపై మరింత పాలిపోతాయి. కొనుగోలుదారు ఫోన్‌లో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే అమరిక వేసి ఉంటే అమ్మకందారు చేయగలిగింది లేదు. ఆ అమరిక తీసి చూడమని చెప్పడం మాత్రం సాధ్యం.

ఫోన్‌తో తీసేవారికి

ఖరీదైన కెమెరా లేకున్నా కొంత వరకు ఈ విధానం పనికొస్తుంది. చాలా ఫోన్లలో ప్రో అనే అమరికలో వైట్ బ్యాలెన్స్, ఐఎస్‌ఓ, షట్టర్‌లను స్థిరపరచవచ్చు. రా రూపంలో భద్రపరిచే వీలు కూడా ఉంటే పైన చెప్పిన మూడు మెట్లూ ఎక్కవచ్చు. మామూలు అమరికలో ఫోన్ ప్రతి ఫొటోనూ దృశ్యాన్ని బట్టి వేర్వేరుగా దిద్దుతుంది. పట్టిక తీసేయగానే ఆ దిద్దుబాటు మారిపోతుంది కాబట్టి పట్టిక ఫొటోలోని సవరణ తరువాతి చీరకు వర్తించదు. అలాంటి ఫోన్ వాడేవారు ప్రతి ఫొటోలోనూ ఒక మూల పట్టికను ఉంచి, సవరించాక కత్తిరించుకోవాలి.

కొందరు పట్టిక బొమ్మను ఇంట్లో ప్రింటు తీసి వాడుతుంటారు. ప్రింటర్ సిరాల రంగులు అసలు గడుల రంగులతో కలవవు కాబట్టి దానితో ప్రొఫైల్ తయారుచేస్తే ఉన్న రంగులు కూడా చెడిపోతాయి. రెండు రోజుల వెలుతురులో తేడా వచ్చిందా లేదా అని పోల్చి చూసుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది.

పట్టిక కూడా వెలుస్తుంది

గడుల రంగు ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఎండ, తేమ, చేతి జిడ్డు దాన్ని మారుస్తాయి. గడులను వేళ్లతో తాకరాదు. పని అయిన వెంటనే మూసి పెట్టాలి. కిటికీ పక్కన తెరిచి వదిలేయరాదు. సుమారు రెండేళ్లకొకసారి మార్చాలని తయారీదారులు సూచిస్తారు. మార్చేటప్పుడు పాత, కొత్త పట్టికలను ఒకే ఫొటోలో తీసి దాచుకుంటే పాతది ఎంత వెలిసిందో తెలుస్తుంది. 2014 నవంబరు తరువాత తయారైన పట్టికల్లో కొన్ని గడుల అంకెలు కొద్దిగా మారాయి. పాత పట్టిక వాడేవారు సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీకి ముందుదా తరువాతదా అన్నది సరిగ్గా ఎంచుకోవాలి. తయారీ తేదీ పట్టిక వెనుక ముద్రించి ఉంటుంది.

ప్రతి పూట పట్టిక ఫొటోను తేదీ పేరుతో విడిగా భద్రపరచాలి. నెలల తరువాత రంగు తేడా వచ్చిందని చీర వెనక్కి వచ్చినప్పుడు, అద్దకందారును నిలదీసే ముందు తెరిచి చూడవలసింది ఆ ఫొటోనే.